‘వెరిఫైడ్ పర్చేజ్’ అంటే ఏం వెరిఫై చేసినట్టు?

ప్రశ్న: అమెజాన్‌లో ‘వెరిఫైడ్ పర్చేజ్’ అని ఉన్న రివ్యూలన్నీ నిజమైనవేనా?

జవాబు: ఆ ముద్ర బిల్లుకు సాక్ష్యం, అంతవరకే. రివ్యూ రాసిన ఖాతాలో ఆ వస్తువు ఆర్డరు ఉందా, మామూలుగా అందరికీ దొరికే ధరకే కొన్నారా అని అమెజాన్ తన రికార్డుల్లో చూసుకుంటుంది. కొన్నవాళ్లు దాన్ని వాడారా, మనసులో మాటే రాశారా అన్నది తేల్చదు.

మోసం జరిగేది సరిగ్గా ఇక్కడే. అమ్మకందారు తరఫు మనిషి టెలిగ్రామ్ గ్రూపులో ఒక ఇయర్‌ఫోన్ లింకు పెడతాడనుకోండి. ధర 899 రూపాయలు. చేరినవాళ్లు పూర్తి డబ్బు కట్టి కొంటారు, పార్సిల్ అందాక ఐదు నక్షత్రాలిచ్చి స్క్రీన్‌షాట్ పంపుతారు. ఆ 899 యూపీఐలో తిరిగొచ్చేస్తుంది. ఈ చెల్లింపు అమెజాన్ లెక్కల్లోకి రాదు కాబట్టి ముద్ర దర్జాగా పడుతుంది. అదే వస్తువును బయట దుకాణంలో కొని, ఉన్నదున్నట్టు రాసినవాళ్ల రివ్యూకి మాత్రం ముద్ర ఉండదు!

అందుకే రివ్యూలను తేదీల వరుసలో పెట్టి చూడండి. పొగడ్తలన్నీ నాలుగైదు రోజుల్లోనే గుంపుగా వచ్చిపడితే అనుమానించాల్సిందే. రెండు, మూడు నక్షత్రాల రివ్యూలు ముందు చదవండి; ఛార్జింగ్ ఎన్నాళ్లకు తగ్గిందో, ఏ వైపు శబ్దం పోయిందో చెప్పేది ఎక్కువగా అవి రాసినవాళ్లే.