చేతుల ఊపు ఎప్పుడు మొదలవ్వాలి?

ప్రశ్న: మాది బారువ. సాయంత్రాలు కుర్రాళ్లమంతా వాలీబాల్ ఆడతాం. స్మాష్‌కి ఎగిరేటప్పుడు చేతులు గట్టిగా ఊపమని సీనియర్లు అంటారు. ఊపుతున్నా ఎత్తు పెరగడం లేదు. ఎగిరేది కాళ్లు కదా, చేతులతో పనేంటి?
– ఒక పాఠకుడు, బారువ

జవాబు: పని ఉంది. ఊపు సరిగ్గా కుదిరితే ఎత్తు సాధారణంగా పది శాతం, ఒక్కోసారి అంతకు మించీ పెరుగుతుంది. మీ ఇబ్బంది బహుశా బలంలో కాదు, సమయంలో ఉంది.

రెండు చేతుల బరువు కలిపి ఒంటి బరువులో దాదాపు పదో వంతు. 60 కిలోల మనిషికి సుమారు 6 కిలోలు. ఆ బరువును వేగంగా పైకి విసురుతుంటే భుజాల మీదుగా మొండెం కిందికి నొక్కుకుపోతుంది. దాంతో తుంటి, మోకాళ్లు కాస్త నెమ్మదిగా తెరుచుకుంటాయి. లాభం అక్కడే ఉంది. ఖాళీ బండిని తోస్తే చేతికి బలం ఆనదు, కొబ్బరికాయల లోడున్న బండికైతే ఒంట్లో బలమంతా పెట్టగలం. కండరమూ అంతే. నెమ్మదిగా కుదించుకునేటప్పుడే ఎక్కువ బలం ఇస్తుంది. పిరుదులు, తొడ ముందు కండరాలు ఆ అదనపు బలంతో నేలను తంతాయి.

చేతుల్ని విసిరేవి భుజం ముందువైపు డెల్టాయిడ్, ఛాతీ పైభాగపు కండరం. చేతులు వెనక్కి వెళ్లినప్పుడు ఇవి సాగి, ఆ సాగుదలతోనే గట్టిగా లాగుతాయి. చివర్లో భుజం వెనక డెల్టాయిడ్, వీపు పక్కనుండే లాటిసిమస్ చేతులకు బ్రేకు వేస్తాయి. చేతులు ఆగుతూ తమ వేగాన్ని మొండేనికి అందిస్తాయి. పిక్కలు ఆఖరి తోపు ఇచ్చేదీ అప్పుడే.

అందుకే వరస ముఖ్యం. కిందికి వంగుతూ చేతులు వెనక్కి పోవాలి. పూర్తిగా వంగేసరికి అవి తొడల పక్కకు వచ్చేయాలి. కాలివేళ్లు నేల వదిలే క్షణానికి ముఖం ఎత్తుకు చేరాలి. ఆ క్షణంలో మీ చేతులు ఇంకా నడుము దగ్గరే ఉంటే ఊపు ఆలస్యమైనట్టే. గాలిలోకి లేచాక ఎంత ఊపినా ఒళ్లు మరింత పైకి పోదు, నెట్టడానికి నేల లేదు కాబట్టి.

తేల్చుకోవడం సులువే. ఇసుక మీద కాకుండా గట్టి నేల మీద, ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి పక్కనుంచి తీయించండి. ఒకసారి చేతులు నడుముకు ఆనించి, మరోసారి ఊపుతూ నిలువుగా ఎగరండి. కాళ్లు చాచే దిగండి. గాలిలో ఉన్న ఫ్రేములు లెక్కించి 240తో భాగిస్తే సెకన్లు వస్తాయి. వాటిని వాటితోనే గుణించి, మళ్లీ 1.23తో గుణిస్తే ఎత్తు మీటర్లలో తెలుస్తుంది. ఉదాహరణకు చేతులు కట్టేస్తే 137 ఫ్రేములు వస్తే 40 సెంటీమీటర్లు. ఊపితే 144 వస్తే 44. ఏడు ఫ్రేములకే నాలుగు సెంటీమీటర్ల తేడా!

రెండు ఎత్తులూ ఒకటే వస్తే భుజాలకు బరువులెత్తడం మొదలుపెట్టకండి. ముందు ఊపును తొందరగా అందుకోవడం నేర్చుకోండి.