‘అనవసరంగా వండావు’ అనడానికి ఇంగ్లీషులో ఏమనాలి?



ఈ నెల మీ పిల్లల ఇంగ్లీషు వర్క్‌షీట్లలో నీడ్, డేర్, ఆట్ టు అనే మూడు మాటలు కనిపిస్తాయి. కేన్, విల్, మస్ట్ లాంటివి పిల్లలు సులువుగానే పట్టేస్తారు. ఈ మూడింటి దగ్గర మాత్రం క్లాసులో బాగా చదివే పిల్లలు కూడా తడబడుతుంటారు. వీటి తర్వాత ‘టు’ రావాలా వద్దా అన్నది మొదటి చిక్కు. రెండోది ‘నీడెంట్ హావ్’. ఈ రెండోది మన తెలుగుతో పోల్చి చెబితేనే తేలిగ్గా అర్థమవుతుంది, అందుకే ఈ పేజీ మీ కోసం రాస్తున్నాం.

ముందు మొదటి చిక్కు చూద్దాం. నీడ్‌కి రెండు వేషాలున్నాయి. ఒక వేషంలో అది ఈట్, గో లాంటి మామూలు వెర్బ్. అప్పుడు ‘హి నీడ్స్ టు కమ్’ అంటాం. చివర ఎస్ వస్తుంది, వెనకాల టు వస్తుంది. కాదు అని చెప్పాలంటే ‘హి డజ్ నాట్ నీడ్ టు కమ్’. రెండో వేషంలో అది కేన్, మస్ట్ లాంటి మోడల్. అప్పుడు ‘హి నీడ్ నాట్ కమ్’, కలిపి పలికితే ‘హి నీడెంట్ కమ్’. ఇక్కడ ఎస్ లేదు, డజ్ లేదు, టు కూడా లేదు. రెండు వాక్యాలకూ అర్థం ఒకటే: అతను రానక్కర్లేదు.

పిల్లలు చేసే తప్పంతా ఒక వేషానికి ఇంకో వేషం కిరీటం పెట్టడమే. ‘హి నీడెంట్ టు కమ్’, ‘హి డజ్ నాట్ నీడ్ కమ్’, ‘హి నీడ్స్ నాట్ కమ్’ – ఎడిటింగ్ ప్రశ్నల్లో ఇచ్చేవి సాధారణంగా ఇవే. తప్పు పట్టుకోవడానికి మీ అబ్బాయికి ఒక్క సంగతి చెప్పండి. కాదు, వద్దు అనే వాక్యంలో డు, డజ్, డిడ్‌లలో ఏదైనా ఉందా? ఉంటే నీడ్ తర్వాత టు ఉండాలి. నాట్ అనేది నేరుగా నీడ్‌కే అంటుకుని ఉంటే టు ఉండకూడదు, ఎస్ కూడా ఉండకూడదు. ప్రశ్నల్లోనూ ఇదే లెక్క: ‘డు ఐ నీడ్ టు కమ్?’ లేదా ‘నీడ్ ఐ కమ్?’

మోడల్ వేషం నీడ్‌కి ప్రశ్నల్లోనూ, కాదు అనే వాక్యాల్లోనూ మాత్రమే చెల్లుతుంది. ‘అతను రావాలి’ అని చెప్పడానికి ‘హి నీడ్ కమ్’ అనడం కుదరదు, ‘హి నీడ్స్ టు కమ్’ అనే అనాలి. అమెరికాలో ఉన్న మీ బంధువుల పిల్లలు నీడెంట్ అనే మాట వాడకపోతే ఆశ్చర్యపోకండి. అక్కడ ‘డోంట్ నీడ్ టు’, ‘డోంట్ హావ్ టు’ ఎక్కువ. నీడెంట్ బ్రిటిష్ ఇంగ్లీషులో ఎక్కువగా వినిపిస్తుంది, మన పుస్తకాలు ఆ దారిలోనే ఉంటాయి.

ఇంకొకటి ఇంట్లోనే సరిచేయవచ్చు. ‘మస్ట్ ఐ ఫినిష్ ఇట్ టుడే?’ అని అడిగితే, అక్కర్లేదు అనడానికి జవాబు ‘నో, యు నీడెంట్’. చాలామంది పిల్లలు ప్రశ్నలో మస్ట్ ఉంది కదా అని ‘నో, యు మస్టెంట్’ అంటారు. దాని అర్థం ‘ఇవాళ పూర్తి చేయకూడదు’ అని! చేయక్కర్లేదు వేరు, చేయకూడదు వేరు. ఈ తేడా తెలుగులో మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే కాబట్టి ఆ రెండు తెలుగు మాటలు గుర్తుచేస్తే చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆదివారం పిన్ని వాళ్లు మధ్యాహ్నం భోజనానికి వస్తామన్నారు అనుకోండి. అమ్మమ్మ పొద్దున్నే లేచి పదిమందికి సరిపడా పులిహోర, పప్పు, బంగాళాదుంప వేపుడు చేసింది. ఒంటిగంటకు పిన్ని వాళ్లు వచ్చి, దారిలో ఒక పెళ్లికి వెళ్లి అక్కడే తినేశాం అన్నారు. గిన్నెలు అలాగే ఉన్నాయి. అప్పుడు మీ అమ్మాయి అమ్మమ్మతో ఏమంటుంది? ‘అయ్యో, అనవసరంగా వండావు అమ్మమ్మా’ అంటుంది. దీన్నే ఇంగ్లీషులో ‘యు నీడెంట్ హావ్ కుక్డ్’ అంటారు. వంట అయిపోయింది. ఆ పని అక్కర్లేదని తర్వాత తెలిసింది.

ఇదే కథను కొంచెం మారుద్దాం. పిన్ని పొద్దున ఏడింటికే ఫోన్ చేసి, మాకు పెళ్లి భోజనం ఉంది, వంట పెట్టుకోకండి అని చెప్పింది. అమ్మమ్మ స్టవ్ వెలిగించలేదు. ఆ రోజు సంగతి మర్నాడు చెప్పేటప్పుడు ‘అమ్మమ్మకు వండే పని లేకపోయింది’ అంటాం. ఇంగ్లీషులో అది ‘షి డిడ్ నాట్ నీడ్ టు కుక్’. ఇక్కడ అక్కర్లేదన్న సంగతి ముందే తెలిసింది, అందుకే వండలేదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ‘వండాల్సిన అవసరం లేకపోయింది’ అనే తెలుగు వాక్యం రెండు కథలకూ సరిపోతుంది. పిల్లలు దాన్ని మనసులో పెట్టుకుని ఇంగ్లీషు రాస్తారు కాబట్టి, రెండింట్లో ఏది వాడాలో తెలియదు. అప్పుడు మీరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ‘ఇంతకీ వండిందా, లేదా?’ వండి ఉంటే, వాక్యంలో ‘అనవసరంగా’ అనే మాట పెట్టి చూడమనండి. అతికితే నీడెంట్ హావ్. వండకపోతే ‘అనవసరంగా’ అన్న మాట అసలు అతకదు, అది డిడ్ నాట్ నీడ్ టు.

ఒక చిన్న మినహాయింపు కూడా చెప్పాలి. డిడ్ నాట్ నీడ్ టు అన్నంత మాత్రాన ఆ పని కచ్చితంగా జరగలేదని కాదు. ‘షి డిడ్ నాట్ నీడ్ టు కుక్, బట్ షి డిడ్’ అని కూడా అనవచ్చు. అవసరం లేదన్నదే అది చెబుతుంది, మిగిలింది సందర్భం చెప్పాలి. నీడెంట్ హావ్ మాత్రం అలా కాదు. పని జరిగిపోయిందని ఆ రెండు మాటలే చెప్పేస్తాయి.

దీని కట్టుబాటు కూడా పక్కాగా ఉంటుంది. నీడెంట్ తర్వాత హావ్, హావ్ తర్వాత వీ3 రూపం. కుక్డ్, బ్రాట్, గాన్, రిటెన్ లాంటివి. షి అయినా, హి అయినా హావ్ హాజ్ కాదు, ఎందుకంటే మోడల్ తర్వాత వెర్బ్ ఎప్పుడూ మారదు. జరిగిపోయిన విషయమే కదా అని పిల్లలు ‘నీడెంట్ హ్యాడ్ కుక్డ్’ అనో, ‘నీడెంట్ హావ్ కుక్’ అనో రాస్తారు, రెండూ తప్పే. అటువైపు ‘డిడ్ నాట్ నీడెడ్ టు’ అని రాసేవాళ్లూ ఉన్నారు. డిడ్ వచ్చాక ఈడీ దానిలోనే అయిపోయింది, నీడ్‌కి మళ్లీ తగిలించకూడదు.

డేర్ కూడా నీడ్ లాగే రెండు వేషాల మనిషి. ‘హి డేర్ నాట్ స్పీక్’ లేదా ‘హి డజ్ నాట్ డేర్ టు స్పీక్’, మాట్లాడే ధైర్యం అతనికి లేదు. డజ్ నాట్ డేర్ తర్వాత టు వదిలేసి ‘డజ్ నాట్ డేర్ స్పీక్’ అన్నా ఇంగ్లీషులో తప్పు కాదు. కానీ పరీక్షలో టు పెట్టడమే క్షేమం, ఎవరూ మార్కు కొట్టేయలేరు. జరిగిపోయినదానికి ‘డేర్డ్ నాట్ స్పీక్’ లేదా ‘డిడ్ నాట్ డేర్ టు స్పీక్’. కోపంగా అనే ‘హౌ డేర్ యు!’ మన ‘ఎంత ధైర్యం నీకు!’ లాంటిదే. పిల్లలు ఆడే ట్రూత్ ఆర్ డేర్ ఆటలో డేర్ అంటే సవాలు. ‘ఐ డేర్ యు టు జంప్’ అన్నప్పుడు మధ్యలో మనిషి వచ్చాడు కాబట్టి టు తప్పనిసరి.

ఆట్ విషయంలో రెండు వేషాల గొడవ లేదు. ఎప్పుడూ టు ఉంటుంది, ఎప్పుడూ ఎస్ ఉండదు. ఈ మాట ఒకప్పుడు ‘ఓ’ అని పలికే, బాకీ ఉండటం అనే అర్థమున్న వెర్బ్‌కి భూతకాల రూపం. అందుకే ‘యు ఆట్ టు విజిట్ హర్’ అంటే ఆమెను చూడటం నీ ధర్మం అన్న బరువు కొంత ఉంటుంది. షుడ్‌కీ దీనికీ అర్థంలో పెద్ద తేడా లేదు, కానీ షుడ్ తర్వాత టు రాదు. కాదు అనాలంటే నాట్ మధ్యలో కూర్చుంటుంది: ‘యు ఆట్ నాట్ టు గో’. ‘డిడ్ నాట్ ఆట్ టు’ అనే మాట బడి ఇంగ్లీషులో చెల్లదు.

జరిగిపోయిన సంగతికి ‘ఆట్ టు హావ్’ వాడితే ‘చేయాల్సింది, చేయలేదు’ అని అర్థం. ‘యు ఆట్ టు హావ్ టోల్డ్ మీ’ – నాతో చెప్పాల్సింది. తిరగేసి ‘ఆట్ నాట్ టు హావ్’ అంటే ‘చేయకుండా ఉండాల్సింది, చేశావు’ అని. ఇది తప్పు ఎంచడం. నీడెంట్ హావ్‌కి దగ్గరగా కనిపించి ఇబ్బంది పెట్టేది ఇదే.

ఒక ఉదాహరణ చూడండి. జ్వరంతో రెండు రోజులు బడికి రాని పాప ఎలా ఉందో అని క్లాస్ టీచర్ సాయంత్రం ఫోన్ చేశారు. తల్లి మర్నాడు డైరీలో కృతజ్ఞతగా ‘అంత శ్రమ తీసుకోనక్కర్లేదు మేడమ్, అయినా చేశారు’ అనే అర్థంలో రాయాలనుకున్నారు. ‘యు నీడెంట్ హావ్ కాల్డ్, బట్ ఇట్ వాజ్ కైండ్ ఆఫ్ యు’ అని రాస్తే ఆ భావం చక్కగా చేరుతుంది. ‘యు ఆట్ నాట్ టు హావ్ కాల్డ్’ అని రాస్తే ‘మీరు ఫోన్ చేయకుండా ఉండాల్సింది’ అని మందలించినట్టు అవుతుంది. రెండు వాక్యాల్లోనూ గ్రామర్ తప్పు లేదు, కాబట్టి సరిచేసేవాళ్లు కూడా పట్టుకోలేరు. నిజానికి మొదటి వాక్యంలో కూడా ‘బట్’ తర్వాతి మాటలు లేకపోతే కొంచెం పొడిగానే వినిపిస్తుంది, అందుకే అవి కలిపాం.

ఈ వారం రాత్రి భోజనాల దగ్గర మీ అబ్బాయినో అమ్మాయినో ఈ నాలుగు మాటలు ఇంగ్లీషులో చెప్పమనండి: గొడుగు అనవసరంగా తెచ్చాను, బస్సు ఆలస్యంగా వచ్చింది కాబట్టి పరుగెత్తే పని లేకపోయింది, నాన్నను అడగాల్సింది, తాతయ్యకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. జవాబులు ఇవి: ‘ఐ నీడెంట్ హావ్ బ్రాట్ ది అంబ్రెల్లా’, ‘ఐ డిడ్ నాట్ నీడ్ టు రన్’, ‘ఐ ఆట్ టు హావ్ ఆస్క్‌డ్ నాన్న’, ‘నోబడీ డేర్స్ టు ఆర్గ్యూ విత్ తాతయ్య’. చివరిదానికి ‘నోబడీ డేర్ ఆర్గ్యూ’ అని మీ పాప చెప్పినా మార్కు వేసేయండి, అదీ సరైనదే.