రెండుసార్లు వచ్చే మూలం దగ్గరే మెలిక

గేట్ గణితంలో ఐగెన్ విలువల ప్రశ్న తరచూ కనిపిస్తుంది. ఈ మాత్రికను చూడండి:

A = [2 1 1; 1 2 1; 1 1 2]

3×3 మాత్రికకు det(A − λI)ను పూర్తిగా విప్పక్కర్లేదు. వికర్ణ మూలకాల మొత్తం 6, వికర్ణం వెంబడి ఉన్న మూడు 2×2 నిర్ధారకాల మొత్తం 9, A నిర్ధారకం 4. వీటితో లాక్షణిక సమీకరణం సిద్ధం:

λ³ − 6λ² + 9λ − 4 = 0, అంటే (λ − 1)²(λ − 4) = 0

మూలాలు 4, 1, 1. కూడితే 6, గుణిస్తే 4 రావాలి. రాకపోతే ఎక్కడో గుర్తు తప్పినట్టే.

λ = 4 అయితే −2x + y + z = 0, x − 2y + z = 0. మొదటిదాన్ని రెండోదాంట్లోంచి తీసేస్తే x = y; ఆపై z కూడా అంతే. సదిశ (1, 1, 1). నిజానికి ప్రతి అడ్డువరుస మొత్తం 4 కావడంతో ఇది చూపుతోనే దొరికేది.

λ = 1 దగ్గర మూడు వరుసలూ ఒకే సమీకరణం: x + y + z = 0. మూడు చరాలకు ఒక్కటే షరతు కాబట్టి రెండు స్వతంత్ర సదిశలు: (1, −1, 0), (1, 0, −1).

మూలం రెండుసార్లు వస్తే సదిశలూ రెండుంటాయనుకుంటే బోల్తా పడ్డట్టే. B = [1 1; 0 1]లోనూ 1 రెండుసార్లు వస్తుంది. కానీ B − I ఇచ్చేది y = 0 మాత్రమే; (1, 0) తప్ప మరో స్వతంత్ర సదిశ లేదు, Bని వికర్ణ రూపంలోకి మార్చలేం. A లాంటి వాస్తవ సౌష్ఠవ మాత్రికలకు ఈ బెడద ఉండదు. మిగతావాటికి n − rank(A − λI) లెక్కించాకే సదిశల సంఖ్య తేల్చాలి.