త్రీడీ ప్రింట్‌లో పొరలు ఎందుకు విడిపోతాయి?

త్రీడీ ప్రింటర్‌పై పీఈటీజీతో చేసిన ఒక కొక్కెం, సంచి తగిలించగానే అడ్డంగా విరిగిందనుకుందాం. విరిగిన ముఖం నున్నగా ఉండి, ప్రింటింగ్ గీతలు చెక్కుచెదరకుండా కనిపిస్తే ప్లాస్టిక్ విరగలేదు, పొరల మధ్య అతుకు ఊడింది. పగులు గరుకుగా, పొరలను దాటుకుంటూ వంకరటింకరగా పోయి ఉంటే అతుకు బాగానే ఉంది, బరువే ఎక్కువైంది.

ప్లాస్టిక్ అంటే పొడవాటి అణువుల గొలుసులు. కరిగిన పోగు కింది పొరను తాకినప్పుడు రెండు వైపుల గొలుసులూ సరిహద్దు దాటి ఒకదానిలో ఒకటి చిక్కుకోవాలి. అందుకు ఆ సరిహద్దు, ప్లాస్టిక్ మెత్తబడే ఉష్ణోగ్రతకు పైన కాసేపు ఉండాలి. పీఈటీజీకి అది సుమారు 80 డిగ్రీల సెల్సియస్, ఏఎస్ఏకు సుమారు 100. కింది పొర అప్పటికే చల్లబడి ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ వేడెక్కించాల్సింది పైనుంచి పడే పోగే. దొరికే సమయమూ కొద్దిపాటిదే.

మన కొక్కేన్ని 230 డిగ్రీల నాజిల్‌తో, ఫ్యాన్ పూర్తి వేగంతో ప్రింట్ చేశారు. పీఎల్ఏ వాడేవారికి ఇది అలవాటైన పద్ధతే. కానీ ఇక్కడ ఆ గాలి సరిహద్దులోని వేడిని లాగేస్తుంది. నాజిల్‌ను 245కు పెంచి, ఫ్యాన్‌ను 30 శాతానికి తగ్గిస్తే గొలుసులు కలవడానికి వ్యవధి పెరుగుతుంది. రెండూ ఒకేసారి మార్చకుండా ముందు ఫ్యాన్‌ను తగ్గించి చూడటం మేలు. వేడి మరీ ఎక్కువైతే దారాలు సాగుతాయి, ఆధారం లేని అంచులు జారతాయి. చిన్న వస్తువుల్లో ఒక పొర పూర్తిగా చల్లబడకముందే తర్వాతిది పడుతుంది కాబట్టి అక్కడ కొంత గాలి తప్పదు.

ఎండకు తట్టుకునే ఏఎస్ఏ విషయంలో ఇంకో చిక్కుంది. బరువేమీ వేయకుండానే, ప్రింటింగ్ మధ్యలోనే ఎత్తైన వస్తువు మూలల్లో పొరలు నోరు తెరుస్తాయి. సుమారు 250 డిగ్రీల దగ్గర పడిన ప్లాస్టిక్ గది గాలికి చల్లబడి కుంచించుకుంటూ కింది పొరను లాగుతుంది. అతుకు బలహీనంగా ఉన్నచోట పగులు పుడుతుంది. నాజిల్‌ను మాత్రమే వేడిచేస్తే ఇది పూర్తిగా తగ్గదు, చుట్టూ ఉన్న గాలి కూడా వెచ్చగా ఉండాలి. అందుకే ప్రింటర్‌ను మూసిన పెట్టెలో ఉంచి, బెడ్‌ను 100 డిగ్రీల దగ్గర నిలిపి, ఫ్యాన్‌ను దాదాపు ఆపేస్తారు. పని ముగిశాక తలుపు వెంటనే తెరవకుండా నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఏఎస్ఏ వేడెక్కితే స్టైరీన్ ఆవిరి వెలువడుతుంది, దాన్ని గది బయటికి పంపే ఏర్పాటు ఉండాలి.

పీఈటీజీకి ఈ పెట్టె సాధారణంగా అక్కర్లేదు. లోపల మరీ వేడెక్కితే ఫిలమెంట్ నాజిల్‌కు చేరకముందే మెత్తబడి దారిలో ఇరుక్కుపోవచ్చు.

అతుకు ఎంత కుదిరినా పొరలకు అడ్డంగా లాగినప్పుడు బలం కొంత తక్కువే. కాబట్టి ఆ కొక్కేన్ని నిలబెట్టి కాకుండా పడుకోబెట్టి ప్రింట్ చేయాలి. అప్పుడు సంచి బరువు పోగుల పొడవునా పడుతుంది.