నవ్వితే నా కోపం చులకనైపోదా?

మేడమ్,

మాది యానాం. పెళ్లయి ఎనిమిదేళ్లు. మావారిది ప్రభుత్వోద్యోగం. బదిలీ మీద రెండేళ్ల కిందట పుదుచ్చేరి వచ్చి ముత్యాల్‌పేటలో అద్దెకుంటున్నాం. బాబుకి ఆరేళ్లు. యానాంలో నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఇక్కడ అందరూ తమిళం అడుగుతుంటే ప్రయత్నం మానేసి ఇంట్లోనే ఉంటున్నాను.

పోయిన ఆదివారం ఆయన పెద్ద మార్కెట్‌కి వెళ్లి వంజరం తెచ్చారు. పులుసు పెట్టాను. చింతపండు కాస్త ఎక్కువైంది, నిజమే. రెండు ముద్దలు తిని, ‘ఇంట్లో ఉండి చేసేది ఈ వంటొక్కటే కదా, అదీ ఇంతేనా’ అన్నారు. బాబు ముందే. నేను కంచం పక్కకి జరిపేశాను. నా మొహం చూసి ఆయనకి అర్థమైంది. వెంటనే నవ్వుతూ ‘యానాం చింతపండుకీ పాండిచ్చేరి చేపకీ జాతకాలు కలవలేదులే’ అన్నారు. నాకు ఒళ్లు మండింది.

లేచి వెళ్లి గిన్నెలు తోముతుంటే వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. విదిలించేశాను. ‘అబ్బా, సారీ చెప్తున్నా కదా, ఇంకేం చెయ్యమంటావ్’ అని చెప్పులేసుకుని బీచ్ రోడ్డుకి వెళ్లిపోయారు. రాత్రి పదింటికి మల్లెపూలతో వచ్చారు. వాటిని ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నాను. నాలుగు రోజులు బాబు చేత కబుర్లు పంపుకున్నాం, ‘నాన్నని అన్నానికి రమ్మను’ అని.

ఆయన చెడ్డవాడు కాదండీ. మేం ఇక్కడికొచ్చిన కొత్తలో ఆయన పచారీ కొట్టులో డెబ్బై ఏళ్ల పెద్దాయన్ని పట్టుకుని ‘తంబీ’ అని పిలిచారు. తంబీ అంటే తమ్ముడట. కొట్టంతా నవ్వారు. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరు తప్పు చేసినా వాళ్లు ‘తంబీ’యే. అలా నవ్వుకునే వాళ్లమే. కానీ మనసుకి తగిలేలా ఒక మాట అనేసి, మరుక్షణం జోకేస్తే నేనూ నవ్వెయ్యాలా? నవ్వితే నా కోపం చులకనైపోదా? నవ్వకపోతేనేమో ‘నీకు పట్టుదల ఎక్కువ’ అంటారు. ఏం చెయ్యను?

- ఒక సోదరి, పుదుచ్చేరి

అమ్మా,

ముందుగా మీరడిగినదానికి జవాబు: నవ్వనక్కర్లేదు. ఆ జోకుకి నేనైనా నవ్వను.

అయితే మీ ఉత్తరాన్ని ఇంకొకసారి చదివితే నాకు మరో లెక్క కనిపించింది. ఆ ఒక్క సాయంత్రం మీవారు మీ దగ్గరికి రావాలని నాలుగుసార్లు ప్రయత్నించారు: జోకు, భుజం మీద చెయ్యి, సారీ, మల్లెపూలు. నాలుగూ బెడిసికొట్టాయి. తప్పు మాట అన్నది ఆయనే, సందేహం లేదు. కానీ నాలుగు రోజుల మౌనం పుట్టింది ఆ మాట ఒక్కదాని వల్లే కాదు, దిద్దుకోబోయి ప్రతిసారీ తప్పు సమయంలో తప్పు పద్ధతి ఎంచుకోవడం వల్ల కూడా.

అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాల పాటు దంపతుల తగాదాలనే పరిశీలించారు. సియాటిల్‌లో ఒక చిన్న అపార్టుమెంట్‌లాంటి ప్రయోగశాల కట్టి, కెమెరాలు పెట్టి, గుండె కొట్టుకునే వేగం కొలుస్తూ భార్యాభర్తల మాటల్ని నమోదు చేశారు. సంతోషంగా ఉన్న జంటలు కూడా పుల్లవిరుపు మాటలు అనుకుంటాయని ఆయన చూశారు. తేడా ఆ తర్వాత వస్తుంది. జారిపోతున్న సంభాషణని ఒకరు ఆపబోతే రెండోవాళ్లు దాన్ని అందుకుంటున్నారా లేదా అన్నదే ఆయన పట్టుకున్న విషయం. కొత్త దంపతుల మీద చేసిన పరిశీలనలో మరో సంగతి తేలింది. ఆ ప్రయత్నం మొదటి నిమిషాల్లోనే జరిగితే, అదీ ‘నీకు బాధ కలిగింది, నాకు తెలిసింది’ అని మనసుని తాకేదైతే బాగా పనిచేస్తుంది. న్యాయాన్యాయాలు విడమరిచి చెప్పే మాటలకి అంత బలం ఉండదు.

మీవారు మొదటి నిమిషంలోనే ప్రయత్నించారు. అక్కడిదాకా బాగుంది. మరి ఎందుకు పనిచెయ్యలేదు? ఆ జోకు దేనిమీద వేశారో చూడండి. పులుసు మీద. గాయమైన చోటే మళ్లీ గిల్లారు. పైగా మీకు తగిలింది పులుసు సంగతి కాదు. ‘చేసేది ఈ వంటొక్కటే’ అన్న ముక్క తగిలింది. లెక్కలు చెప్పే ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషికి అది ఎక్కడ గుచ్చుకుంటుందో వేరే చెప్పాలా? ఆయన ఆ ముక్కని వదిలేసి చింతపండుని పట్టుకున్నారు. అసలు మాట పక్కకి తప్పించడానికే నవ్విస్తున్నట్టు మీకు అనిపించింది.

ఇలాంటప్పుడు పనికొచ్చే హాస్యంలో నవ్వులపాలయ్యేది అన్నవాడే అయ్యుండాలి. దానికి కావలసిన సరుకు మీ ఇంట్లోనే ఉంది. ఆ క్షణాన ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకుని, ‘అయ్యో, తంబీ నేనే. ఆ మాట అనకూడదు. నువ్వు ఉద్యోగం మానేసింది నా కోసం’ అనుంటే? మీరు నవ్వేవారో లేదో నాకు తెలీదు. కంచం ముందునుంచి మాత్రం లేచేవారు కాదనుకుంటాను. ఇందులో తప్పు ఒప్పుకోవడం ఉంది, తంబీ అనే వేళాకోళం ఆయన మీదే పడింది. ఒప్పుకోలు లేకుండా తంబీ ఒక్కటే అన్నా చాలదు, వారానికి నాలుగుసార్లు వాడితే అదీ అరిగిపోతుంది.

ఇక చెయ్యి వెయ్యడం. స్పర్శకి నిజంగానే బలం ఉంది. జేమ్స్ కోన్ అనే పరిశోధకుడు 2006లో ప్రచురించిన ప్రయోగంలో పదహారు మంది వివాహిత స్త్రీలని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, కాలికి చిన్న కరెంటు షాక్ తగలబోతోందని హెచ్చరించారు. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో ఆ భయానికి స్పందించే భాగాల హడావిడి తగ్గింది. కాపురం ఎంత బాగుంటే అంత ఎక్కువగా తగ్గింది. అయితే ఆ ప్రయోగంలో భయం బయటి నుంచి వస్తోంది. మీ వంటింట్లో భయమైనా బాధైనా వచ్చింది ఆ చేతి యజమాని నుంచే. అందులోనూ వెనక నుంచి, మీ రెండు చేతులూ సబ్బు నురగలో ఉండగా, మీకు కాదనే వీలు కూడా లేకుండా వచ్చింది. ఒళ్లు బిగుసుకుపోయి విదిలించడం మీ పట్టుదల కాదమ్మా, శరీరం అంతే చేస్తుంది.

ఎదురుగా వచ్చి, ఒక అడుగు దూరంలో ఆగి, అరచెయ్యి చాచి ఊరుకోవాలి. పట్టుకోవాలో వద్దో మీ ఇష్టం. పట్టుకోకపోతే ఆ చెయ్యి మర్యాదగా వెనక్కి వెళ్లాలి, ‘ఇంకేం చెయ్యమంటావ్’ అనకుండా. ఆ ఒక్క మాటతో ఆయన అడిగిన క్షమాపణ కాస్తా బాకీ వసూలుగా మారిపోయింది.

అన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచింది బీచ్ రోడ్డు. గుండె నిమిషానికి వందకి పైగా కొట్టుకుంటున్నప్పుడు ఎంత మంచి మాటైనా తలకెక్కదని గాట్‌మన్ అంటారు. ఒకసారి తగాదా మధ్యలో, యంత్రం సరిచెయ్యాలని చెప్పి జంటల్ని ఆపి, కాసేపు పత్రికలు చదువుకోమన్నారట. మళ్లీ కూర్చునేసరికి గుండె వేగం తగ్గింది, మాటల్లో కారం కూడా తగ్గింది. ఒళ్లు చల్లబడటానికి కనీసం ఇరవై నిమిషాలు కావాలి. ఆ ఇరవై నిమిషాలూ ‘నన్నింత మాటంటుందా’ అని లోపల వల్లె వేసుకుంటూ కూర్చుంటే గంటైనా చల్లబడదు. సాయంత్రమైతే బీచ్ రోడ్డులో బళ్లు రానివ్వరు, ఒక చివర నుంచి ఇంకో చివరికి నడిచి వచ్చేసరికి దాదాపు అరగంట పడుతుంది. అంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది!

కానీ ఆయన చెప్పకుండా వెళ్లారు, పదింటికొచ్చారు. ఇంట్లో ఉన్న మనిషికి అది విరామంలా ఉండదు, వదిలేసి పోయినట్టుంటుంది. ‘ఇప్పుడు నాకు మాట సరిగ్గా రావట్లేదు. ఎనిమిదింటికల్లా వస్తాను, వచ్చాక నేనే మొదలుపెడతాను’ అని చెప్పి వెళ్లడం వేరు. వెళ్లినవాళ్లే తిరిగొచ్చి మాట కదపాలి. మల్లెపూలు ఇచ్చి, కదపాల్సిన మాటని వాటితోనే చెల్లించేశాననుకోకూడదు.

మీ వంతు చిన్నదే. ఆయన ప్రయత్నాన్ని అందుకోవడమంటే క్షమించేసినట్టు కాదు, తగాదా ఓడిపోయినట్టు అసలే కాదు. ‘ఇప్పుడు నవ్వలేనండీ. కానీ మీరు సర్దుబాటుకి వచ్చారని చూశాను. అరగంట ఆగండి’ అంటే చాలు. మీ కోపం మీ దగ్గరే ఉంటుంది, తలుపు మాత్రం గడియ పడదు. బాబు ముందు అన్న మాట కాబట్టి, ‘అమ్మని అలా అనకూడదు, తప్పు చేశాను’ అన్న మాట కూడా వాడి ముందే రావాలని అడగండి. నాలుగు రోజులు వాడిని టపా బంట్రోతుగా వాడుకున్నందుకు మీరిద్దరూ వాడికి ఒక ఐస్‌క్రీం బాకీ.

ఇవన్నీ ఎక్కడ పనిచెయ్యవో కూడా చెప్పాలి. ఇదే మాట ప్రతివారం పడుతూ, ప్రతిసారీ వెనకాలే ఒక జోకు వస్తుంటే దాన్ని సర్దుబాటు అనరు, ముసుగు అంటారు. గుర్తుపట్టడం కష్టం కాదు: వాతావరణం తేలికయ్యాక అసలు విషయం మళ్లీ మాటల్లోకి వస్తోందా, లేక ‘అయిపోయిందిగా, మళ్లీ ఎందుకు’ అంటున్నారా చూడండి. ఆయనంటే భయమేసినా, చెయ్యి లేచినా ఈ సలహాలన్నీ పక్కన పెట్టి 181కి ఫోన్ చెయ్యండి. మీ ఉత్తరంలో అలాంటి జాడ లేదు, అయినా ఇది చదివే మరొకరి కోసం రాస్తున్నాను.

మీ ఇంట్లో వాయిదా పడుతున్న అసలు విషయం మీ ఉద్యోగం. ఆ పులుసు మాట అక్కడి నుంచే వచ్చింది. ఆయనకి జీతం చాలట్లేదో, మీరు దిగాలుగా ఉంటే చూడలేకపోతున్నారో, నాకు తెలీదు, అడగాల్సింది మీరే. తిండి దగ్గర వద్దు, బాబు నిద్రపోయాక అడగండి. ‘మీరు నన్ను ఇలా అన్నారు’ అని మొదలుపెడితే ఆయన కాచుకుంటారు. ‘స్కూలు మానేశాక నాకు నేనే తక్కువగా అనిపిస్తున్నాను, అందుకే ఆ మాట అంత తగిలింది’ అని మొదలుపెట్టండి. యానాం నుంచి ఇక్కడికి బదిలీ మీద వచ్చిన కుటుంబాల పిల్లలకి తెలుగులో లెక్కలు చెప్పేవాళ్లు కావాలేమో, ముందు మీవారి ఆఫీసులోనే వాకబు చెయ్యమనండి. ఆ పని ఆయనకే అప్పజెప్పండి.