భీమవరం నీళ్ల దగ్గర నేర్చుకున్నవి

వచ్చే ఆదివారం మేమిద్దరం విశాఖపట్నం వెళ్లిపోతున్నాం. ఇద్దరికీ వయసు మీద పడింది, అమ్మాయి దగ్గర ఉండడమే మంచిదని నిర్ణయించుకున్నాం. 1978లో ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా మన భీమవరంలో దిగాను. ఉద్యోగం అయిపోయాక కూడా ఇక్కడి గునుపూడి వదిలి వెళ్లాలనిపించలేదు. "వెళ్లేముందు నాలుగు మాటలు చెప్పండి బాబాయిగారూ" అని మీరంతా అడిగారు. నేను జీవితమంతా చూసింది కాలువలూ, డ్రెయిన్లూ, తూములూ. ఈ ఊరు మారిన తీరు కూడా నాకు ఆ గట్ల మీద నుంచే తెలిసింది. అందుకని ఆ మాటలే చెబుతాను.

1. ఊరికి నీరు ఎటు నుంచి వస్తుందో, ఎటు పోతుందో ముందు తెలుసుకోండి.

మన కింద భూమిలో ఉన్నది చాలాచోట్ల ఉప్పునీరు. తాగడానికైనా, పండించడానికైనా మంచి నీరంటే గోదావరి నీరే. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలువల్లో వచ్చిన నీరది. కాలువ ఎప్పుడూ మెరక మీద నడుస్తుంది, చేలకు నీళ్లిస్తుంది. చేలో మిగిలిన నీరు పల్లంలోని మురుగు కోడులోకి దిగి, అక్కడి నుంచి యనమదుర్రు లాంటి పెద్ద డ్రెయిన్‌లో పడి సముద్రానికి పోతుంది. ఇచ్చే దారి వేరు, తీసుకుపోయే దారి వేరు. డెల్టా అంతా ఈ ఒక్క ఏర్పాటు మీదే నిలబడి ఉంది.

నేను వచ్చిన కొత్తలో లాకుల దగ్గర ధాన్యం పడవలు ఇంకా కనిపించేవి. సార్వా కోతలైతే మిల్లుల దగ్గర బళ్లు బారులు తీరేవి, ఊరంతా ఉప్పుడు బియ్యం వాసన. దాళ్వాలో గోదావరికి నీరు తగ్గితే సీలేరు నుంచి ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూసేవాళ్లం, వంతులవారీగా ఇచ్చేవాళ్లం. రాత్రి పూట లాంతరు పట్టుకుని తూము దగ్గర రైతూ, లస్కరూ కూర్చునేవారు. ఆ రోజుల్లో ఊళ్లో ఏ ఇద్దరు కలిసినా మాట నీటి వంతుతోనే మొదలయ్యేది.

2. ఒక చెరువు తవ్వితే అది ఒక్క చెరువుతో ఆగదు.

దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. చేలన్నీ చెరువులయ్యాయని అందరూ అంటారు గానీ ఎలా అయ్యాయో ఈ తరం పిల్లలకి తెలియదు. ఆశ వల్ల అని ఊరుకుంటే సరిపోదు.

ఒక బోదె కింద నలభై ఎకరాల ఆయకట్టు ఉందనుకోండి. మధ్యలో ఐదెకరాల ఆసామి చెరువు తవ్వించాడు. చేలో మట్టి తీసి చుట్టూ గట్టు వేస్తాడు, లోపల ఐదారడుగుల నీరు పెడతాడు. అంటే చెరువులో నీటిమట్టం పక్క చేను కంటే రెండు మూడడుగులు ఎత్తున నిలబడి ఉంటుంది, అదీ ఏడాది పొడుగునా. ఆ నీరు గట్టు కింద నుంచి ఊరుతుంది. వరికి కోతకు పది పదిహేను రోజుల ముందు నీరు తీసేసి నేల ఆరనివ్వాలి. పక్క రైతు తన బోదె మూసేసినా అతని చేను ఆరదు. పైరు పడిపోతుంది, కోత మిషను దిగబడుతుంది, కంకులు తడి నేల మీద మొలకెత్తుతాయి. చేపల చెరువైతే నష్టం ఇక్కడితో పోతుంది. బోరు వేసి ఉప్పునీరు తోడిన రొయ్యల చెరువైతే ఊటతో పాటు ఉప్పు కూడా వస్తుంది. అది పట్టుకోవడం కష్టం కాదు. గట్టు వారన మొదట తుంగ బలుస్తుంది, తరువాత నారు ఆకుల కొసలు మాడతాయి, ఎండాకాలంలో మడి మీద తెల్లటి పొర కడుతుంది. మూడోది కనిపించేదాకా చాలామంది గుర్తుపట్టరు.

రెండేళ్లు చూసి ఆ పక్క రైతు కూడా చెరువుకి కౌలుకిచ్చేస్తాడు. వరి కౌలు కంటే చెరువు కౌలు ఎక్కువ, అదీ డబ్బు రూపంలో చేతికొస్తుంది. ఇలా ఇద్దరు ముగ్గురు వెళ్లిపోయాక బోదెలో పూడిక తీయడానికి మనిషి ఉండడు. బోదె చివర ఉన్నవాడికి నీరు అందదు. అతనికి చెరువంటే ఇష్టం లేకపోయినా వరి వేసే దారి లేదు. 1997లో నీటి సంఘాలు వచ్చాక కూడా బోదె బాగుచేయించమని మా దగ్గరకు వచ్చినవాళ్లంతా ఈ చివరి రైతులే. ఆ అర్జీలు నేను చదివాను. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది వాళ్ల గురించీ, వాళ్ల కంటే ఎక్కువగా కౌలు రైతుల గురించీ. పొలం గలాయన హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు, అతనికి కౌలు పెరిగింది. ఆ చేను తరాలుగా దున్నిన కుటుంబానికి మాత్రం ఆ ఏడాదితో పని పోయింది.

దీనికి ఉపాయం లేకపోలేదు. చెరువు గట్టుకీ పక్క చేనుకీ మధ్య నాలుగైదడుగులు వదిలి, చుట్టూ ఊట కాలువ తీసి, దాన్ని మురుగు కోడులో కలపాలి. ఊరిన నీరు చేలోకి పోకుండా అందులో దిగుతుంది. ఏటా ఆ కాలువ పూడిక తీయాలి. ఈ పని చేసిన చోట చెరువు పక్కన వరి పండడం నా కళ్లతో చూశాను. తవ్వేవాడు తన స్థలంలో కొంత వదులుకోవాలి, అందుకే చాలామంది చేయరు.

3. తోడుకునే నీరూ, వదిలే నీరూ ఒకటే కాకూడదు.

తొంభైల మొదట్లో టైగర్ రొయ్య వచ్చినప్పుడు ఈ ఊరి వేగం చూడాలి. వారానికో కొత్త మేత దుకాణం, వీధికో కొత్త మేడ. 1994 చివరి నుంచి తెల్లమచ్చ జబ్బు వచ్చింది. రొయ్యలు మేత మానేసి గట్టు వారకు వచ్చేవి, డొప్ప మీద తెల్లని చుక్కలు, నాలుగు రోజులు తిరక్కుండా చెరువు ఖాళీ. రైతులు గట్టు మీద కూలబడి ఏడవడం చూశాను.

ఆ జబ్బు అంత తొందరగా అన్ని ఊళ్లకూ పాకడానికి ఒక కారణం మా డ్రెయిన్లే. జబ్బు చేసిన చెరువు నీరు మురుగు కోడులో వదిలేవారు. రెండు ఫర్లాంగుల కింద ఇంకో రైతు అదే కోడులో మోటారు పెట్టి తన చెరువుకి తోడుకునేవాడు. డెల్టాలో వేరువేరుగా ఉంచిన ఆ రెండు దారులూ ఇక్కడ ఒకటైపోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. టైగర్ తగ్గిపోయి, 2009 తరువాత వనామీ వచ్చింది. జబ్బులేని తల్లిరొయ్యల్ని విదేశాల నుంచి తెప్పించి తీసిన సీడు అది. కానీ సీడు ఎంత శుభ్రమైనా నీరు పాతదే అయితే జబ్బు మళ్లీ వస్తుంది. తెలిసిన రైతు ముందు ఒక చెరువులో నీరు నిలవబెట్టి, బ్లీచింగు వేసి, అది విరిగాకే సాగు చెరువులోకి పెడతాడు. జబ్బు తగిలితే తూము ఎత్తడు. అక్కడే మందు కలిపి వారం పది రోజులు ఆపుతాడు. అలాంటి రైతులకి చేతులెత్తి దణ్ణం పెడతాను, ఎందుకంటే వాళ్లు కాపాడేది పక్కవాడి చెరువుని.

4. పని మారితే ఊరి గడియారం మారుతుంది.

మునుపు నాట్లకి ఆడవాళ్లు పొద్దున్నే పుంతల వెంట గుంపుగా పాటలు పాడుకుంటూ వెళ్లేవారు. ఇప్పుడు అదే వేళకి రొయ్యల ప్లాంట్ల బస్సులు వీధి చివర ఆగుతాయి. పగలంతా చల్లటి షెడ్డులో నిలబడి తల తీసి, తొక్క ఒలిచి వస్తారు. వేళ్లు పాసిపోతాయి. అయినా నెలకింత అని చేతికొస్తుంది, ఆ డబ్బుతో పిల్లల్ని చదివించిన తల్లులు ఇక్కడ కూర్చునే ఉన్నారు. ఆ జీతాన్ని నేను తక్కువ చేయను.

రాత్రి కూడా మారింది. తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు బాగా తగ్గుతుంది, అప్పుడు ఏరియేటరు ఆగితే రొయ్య తేలిపోతుంది. అందుకని కరెంటు పోయిందంటే నిద్రలో ఉన్న కుర్రాడు లేచి జనరేటరు దగ్గరకి పరిగెత్తాలి. శీలావతి, బొచ్చె ఐసులో సర్దుకుని హౌరా వెళ్లే లారీలు అర్ధరాత్రి దాటాక కదులుతాయి. పెరిగిన రొయ్య ఎక్కువగా అమెరికాకే పోతుంది, కాబట్టి 2025 ఆగస్టులో వాళ్లు సుంకం 50 శాతం చేస్తే ఆ వారమే ఇక్కడ కౌంటు ధరలు పడిపోయాయి. సీలేరు నీటి కోసం చూసిన ఊరు ఇప్పుడు వాషింగ్టన్ కబురు కోసం చూస్తోంది.

2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమయ్యాం, ఆ జూలైలో అల్లూరి సీతారామరాజు కంచు విగ్రహం పెట్టారు. కాలేజీలు, ఆస్పత్రులు పెరిగాయి. అవన్నీ మీరూ చూశారు, నేను వేరే చెప్పక్కర్లేదు.

5. కాలువ కట్టకముందే మంచినీళ్ల చెరువు చూసుకోండి.

ఏటా ఏప్రిల్‌లో మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. ఆ నెలన్నరా ఊరంతా తాగేది ముందుగా నింపుకున్న చెరువు నీరే. కట్టే తేదీ తెలిసిన వెంటనే వెళ్లి మట్టం చూడండి, నిండకపోతే అప్పుడే అడగండి. కట్టాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. ఇంటికి టిన్ను నీళ్లు వస్తున్నాయి కదా అనుకోకండి, టిన్ను కొనలేని ఇళ్లు మన వెనక వీధిలోనే ఉన్నాయి.

యనమదుర్రు సంగతి కూడా చూసుకోండి. పైన ఎర్రకాలువకి వరదొస్తే అది వచ్చి పడేది ఇందులోనే. మన దగ్గర వాన లేకపోయినా నీరు పెరుగుతుంది. గుర్రపుడెక్కా, చెత్తా వంతెనల కింద పట్టేస్తే ఆ నీరు వెనక్కి తన్ని పల్లపు ఇళ్లలోకి వస్తుంది. డెక్క తీయించే పని వానలకు ముందే జరగాలి.

6. చేలు మళ్లీ వస్తాయా అంటే, వస్తాయి.

ఇందాక ఒక కుర్రాడు ఇదే అడిగాడు. మంచినీటి చేపల చెరువైతే గట్టు మట్టి తిరిగి లోపల పరిచి చదును చేస్తే ఒకటి రెండు పంటల్లో వరి అందుకుంటుంది. ఉప్పునీరు పెట్టిన చెరువుకి ఓపిక కావాలి. జూలై, ఆగస్టుల్లో గోదావరి నిండుగా ఉంటుంది, కాలువ నీటికి కొరత ఉండదు. అప్పుడు చేను నిండా పెట్టి, కొన్నాళ్లు నిలవబెట్టి, మురుగులోకి తీసేయాలి. మళ్లీ పెట్టాలి, మళ్లీ తీయాలి. అవసరమైతే మట్టి పరీక్ష చేయించి జిప్సం వేయాలి. కొన్ని సార్వాలు ఇలా కడిగితే ఉప్పు దిగుతుంది. కానీ ఇది ఒక్కడు చేస్తే అయ్యేది కాదు, పక్కన ఉప్పు చెరువు ఉంటే కడిగింది కడిగినట్టే మళ్లీ ఊరుతుంది. బోదె కింద ఉన్నవాళ్లంతా ఒకే ఏడు మొదలుపెట్టాలి, ముందు బోదె, కోడు రెండూ తవ్వించుకోవాలి. ఎవరైనా పూనుకుంటే విశాఖ నుంచి రాత్రి రైలుకి వచ్చి తూముల లెవెళ్లు నేనే చూసిపెడతాను. నా ఫోను నంబరు మారదు. సెలవండి.