కొరియన్ మాటలో కింది అక్షరం: రాసేది ఒకటి, పలికేది మరొకటి

యు.ఎ.ఇ.లో కొరియా కంపెనీల సైట్లలో మనవాళ్ళు చాలా కాలంగా పనిచేస్తున్నారు. 2010 జనవరిలో ప్రారంభమైన దుబాయిలోని బుర్జ్ ఖలీఫాను కట్టిన వాటిలో ఒక కొరియా కంపెనీ ఉంది. అబుదాబి ఎమిరేట్‌లోని బరాకా అణు విద్యుత్ కేంద్రానికి 2009 డిసెంబరులో కొరియా వారితో కాంట్రాక్టు కుదిరింది. దాని నాలుగో యూనిట్ 2024లో వాణిజ్య ఉత్పత్తికి వచ్చింది. ఇటువంటి చోట్ల ఇంగ్లీషు, హిందీ నడుస్తాయి. అయినా కొరియన్ ఫోర్‌మన్ తొందరలో చెప్పే అంకెలు మాత్రం తరచు కొరియన్‌లోనే వస్తాయి. కొరియన్ అక్షరాలు నేర్చుకుని ఒకటి నుండి పది వరకు కంఠస్థం చేసిన వారు కూడా ఇక్కడే పొరబడుతుంటారు. కావున ఈ పాఠంలో ఆ ఒక్క విషయమే చెప్పడం జరిగింది.

కొరియన్‌లో ఒక్కొక్క అక్షరం ఒక చిన్న గడిలా ఉంటుంది. గడిలో పైన హల్లు, దాని పక్కన లేక కింద అచ్చు, అన్నిటికన్నా అడుగున ఇంకొక హల్లు ఉండవచ్చును. ఈ అడుగు హల్లును కొరియన్‌లో ‘పచ్చిమ్’ అంటారు. మనం దీనిని కింది అక్షరం అని పిలుద్దాం. ఈ పాఠంలో గడికి గడికి మధ్య గీత పెట్టి రాసిన దాన్ని బోర్డు మీది రాతగా, గీత లేకుండా రాసిన దాన్ని పలికే తీరుగా గమనించగలరు.

ముందుగా మన నోటి అలవాటు ఒకటి చూడాలి. తెలుగు మాట అచ్చుతో ముగియడం మనకు అలవాటు. బస్ అనవలసిన చోట బస్సు అంటాం, లాక్ అనవలసిన చోట లాకు అంటాం. కొరియన్ కింది అక్షరం దీనికి పూర్తిగా తిరగబడ్డది. పది అనే అంకె ‘శిప్’. దీన్ని పలికేటప్పుడు పెదవులు మూసి అక్కడే ఆపాలి, తెరవకూడదు. ‘శిప్పు’ అంటే కొరియన్ చెవికి అది రెండు గడుల వేరే మాట. అరచేతిని నోటి ముందు పెట్టుకుని ‘శిప్’ అనండి. చివర చేతికి గాలి తగిలిందంటే మీరు పెదవులు తెరిచినట్టే. ఆరు ‘యుక్’ కూడా ఇంతే, నాలుక వెనుక భాగం పైకి అంటి అక్కడే ఆగిపోవాలి.

ఈ మూసి ఉంచడం వల్లనే శబ్దం మారుతుంది. ‘శిప్’ తరువాత ‘మిల్లి’ అనే మాట వచ్చిందనుకోండి. పెదవులు ‘ప్’ కోసం మూసుకున్నాయి. ‘మ’ కోసం కూడా మూసుకునే ఉండాలి, కాని గాలి ముక్కులోంచి రావాలి. కొరియన్ వారు ముక్కు దారిని కొంచెం ముందే తెరిచేస్తారు. అప్పుడు ‘ప్’ కాస్తా ‘మ్’ అయిపోతుంది. శిప్-మిల్-లి అని రాసి ‘శిమ్మిల్లి’ అని పలుకుతారు.

ఇది మనకు కొత్తదేమీ కాదు. బడిలో చదివిన అనునాసిక సంధి గుర్తు తెచ్చుకోండి. వాక్ + మయం వాఙ్మయం అయింది, చిత్ + మయం చిన్మయం అయింది, జగత్ + నాథుడు జగన్నాథుడు అయ్యాడు. కొరియన్‌లోనూ సరిగ్గా అదే: కింద ‘క్’ ఉండి తరువాత ‘న’ లేక ‘మ’ వస్తే ‘ఙ్’, ‘త్’ ఉంటే ‘న్’, ‘ప్’ ఉంటే ‘మ్’. తేడా ఒక్కటే. మనం సంధి చేసిన తరువాత మారిన రూపాన్నే రాస్తాం. వారు విడి రూపాన్ని రాసి నోటితో సంధి చేస్తారు. అందుకే విన్నది పుస్తకంలో కనబడదు.

ఇప్పుడు ఒక సందర్భం చూద్దాం. ప్లేటు కటింగ్ దగ్గర ఉన్నారు, అక్కడ 3 ఎం.ఎం. ప్లేటూ ఉంది, 10 ఎం.ఎం. ప్లేటూ ఉంది. ఫోర్‌మన్ దూరం నుండి ‘శిమ్మిల్లి’ అని కేకేశాడు. మీరు నేర్చుకున్న అంకెల్లో ‘శిమ్’ లేనే లేదు. దానికి దగ్గరగా ‘మ్’తో ముగిసేది ఒక్కటే, మూడు, అంటే ‘సమ్’. మిషను హోరులో ‘శి’కీ ‘స’కీ తేడా నిలవదు, ‘మ్’ మాత్రం గట్టిగా వినిపిస్తుంది. మీరు 3 ఎం.ఎం. ప్లేటు తెస్తారు. ఆయన అడిగింది 10. ప్లేటు కోయకముందు తెలిస్తే మాట పడతారు. బిగించిన తరువాత తెలిస్తే ఆ పని మొత్తం విప్పాల్సి వస్తుంది.

ఇక్కడ గుర్తు ‘మ్’ కాదు, దాని ముందున్న అచ్చు. ‘అ’ వినబడితే మూడు, ‘ఇ’ వినబడితే పది. ‘మిల్లి’ ముందు వచ్చే ‘మ్’ నిజంగా ‘మ్’యో, మారిన ‘ప్’యో చెవి చెప్పలేదు, అచ్చు చెబుతుంది. సెంటీమీటరు అయితే ఈ గొడవే లేదు. ‘స’ ముందు ‘ప్’ మారదు కాబట్టి పది సెంటీమీటర్లు ‘శిప్’ అనే వినబడుతుంది. ఒకే మనిషి ఒకే పూటలో పదిని ఒకసారి శిప్ అనీ ఒకసారి శిమ్ అనీ అంటుంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఆరు కూడా ఇలాగే. యుక్-మిల్-లి అని రాసినది ‘యుఙ్మిల్లి’ అవుతుంది. ఈ ‘ఙ్’ పంకజం అన్నప్పుడు సున్నకు వచ్చే శబ్దం, దాని వెనుక ‘గ’ పలకరాదు. కింది అక్షరం తరువాత అచ్చు వస్తే ఏమీ మూసుకోదు, ఆ హల్లు తరువాతి గడిలోకి జారిపోతుంది. పన్నెండు శిప్-ఇ అని రాసి ‘శిబి’ అంటారు, పదిహేను శిప్-ఓ అని రాసి ‘శిబో’ అంటారు.

పదహారు మాత్రం మొండిది. రాత శిప్-యుక్. పై లెక్కన ‘శిబ్యుక్’ కావాలి, కాని కాదు. మధ్యలో ఒక ‘న’ వచ్చి చేరుతుంది, ఆ ‘న’ వచ్చినందువల్ల ముందున్న ‘ప్’ ‘మ్’ అవుతుంది, అది ‘శిమ్‌న్యుక్’. వెంట మిల్లి ఉంటే చివరి ‘క్’ కూడా మారి ‘శిమ్‌న్యుఙ్మిల్లి’. 16 ఎం.ఎం. రాడ్ ప్రతి రోజూ చేతిలో పట్టుకునే వారు దీన్ని ఒక్క ముక్కగా కంఠస్థం చేయడమే మేలు. రాతలో ‘మ్’ లేదు, ‘న’ లేదు, ‘ఙ్’ లేదు, పలుకులో మూడూ ఉన్నాయి!

బోర్డు మీది మాటల్లో ఇంకొక రకం ఉంది. ఒత్తిడి అనే మాట గేజి దగ్గర అప్-ర్యొక్ అని రాసి ఉంటుంది, చదివేది ‘అమ్‌న్యొక్’. ‘ప్’ లేక ‘క్’ తరువాతి ‘ర’ ముందు ‘న’గా మారుతుంది, ఆ ‘న’ వెనక్కి తిరిగి ‘ప్’ను ‘మ్’ చేస్తుంది. విద్యుత్తు అనే మాట చొన్-ర్యొక్. ఇక్కడ ‘న్’, ‘ర’ కలిసి రెండు ‘ల’లు అవుతాయి, ‘చొల్ల్యొక్’ అంటారు. విన్న మాట కోసం నిఘంటువులో వెతికేటప్పుడు ‘మ్‌న’ వినబడితే రాతలో ‘ప్-ర’ కూడా వెతకండి, ‘ల్ల’ వినబడితే ‘న్-ర’ కూడా వెతకండి.

అభ్యాసానికి టేపు తీసుకుని 6, 10, 16 గుర్తుల మీద వేలు పెట్టి, మిల్లి చేర్చి బిగ్గరగా చదవండి. తరువాత సెంటీమీటరు చేర్చి చదవండి. పెదవులు తెరవకుండా ‘శిమ్’ దానంతటదే వస్తే మీ ‘ప్’ సరిగా మూస్తున్నట్టు. కావాలని ‘మ్’ పెట్టవలసి వస్తుంటే ఇంకా ‘శిప్పు’ అంటున్నట్టే.

సైట్లో అనుమానం వస్తే విన్నదాన్నే తిరిగి అనవద్దు, ‘శిమ్’ అని మీరన్నా ఆయనకు పదే వినబడుతుంది, మీ మనసులో మూడే ఉండవచ్చు. ‘సుత్చారో స్సొ జుసెయొ’ అనండి, అంకెల్లో రాయండి అని అర్థం. ఈ ‘సుత్’లో కింద రాసేది నిజానికి ‘స’. అడుగున ఉన్న ‘స’ను కొరియన్ వారు ‘త్’గానే పలుకుతారు. లేదా సుద్దముక్కతో ప్లేటు మీద 10 అని రాసి చూపించి, ఆయన తల ఊపిన తరువాతనే టార్చి వెలిగించండి.